పోనీటెయిల్ లేయర్లు: కత్తెర కంటే ముందు టేపు

పొడవాటి జుట్టును ఇంట్లోనే లేయర్లుగా కత్తిరించుకోవాలనుకునేవారిలో చాలామంది పోనీటెయిల్ పద్ధతినే ఎంచుకుంటారు. తల వంచి జుట్టంతా ముందుకు దువ్వి, నుదుటిపైన పాపిట మొదలయ్యే చోట పిలకలా రబ్బరు బ్యాండుతో బిగించి, చివరను కోసేస్తే, విప్పగానే ముందు పొట్టిగా, వెనుక పొడవుగా మెట్లు దిగుతాయి. చూడటానికి ఐదు నిమిషాల పని. శుక్రవారం కత్తెర పట్టవద్దని మా అమ్మ ఆపడంతో నేను ఆదివారం దాకా ఆగాను కానీ, ఆ రెండు రోజుల్లో చేయవలసిన లెక్క మాత్రం చేయలేదు.

ఈ పద్ధతిలో ఫలితాన్ని నిర్ణయించేది బ్యాండు పడిన చోటు. ప్రతి వెంట్రుకా తన కుదురు నుంచి బ్యాండు వరకు తల మీదుగా ప్రయాణించి, అక్కడి నుంచి కోత వరకు వస్తుంది కాబట్టి, ఆ రెండు దూరాలూ కలిపితే వచ్చేదే దాని కొత్త పొడవు. నా తల మీద నుదుటి అంచు నుంచి మెడ వెనుక కుదుళ్ల వరకు టేపుతో కొలిస్తే 35 సెంటీమీటర్లు వచ్చింది. మెడ దగ్గరి జుట్టు 75 సెంటీమీటర్లు ఉండేది. అది బ్యాండు దాటి 40 మాత్రమే మిగిలింది. బ్యాండుకు 38 సెంటీమీటర్ల దూరంలో కోశాను. అంటే వెనుక పోయింది రెండు సెంటీమీటర్లే, కానీ 70 ఉన్న ముందు జుట్టు ఒక్కసారిగా 38కి దిగింది. చేతిలో మిగిలిన కట్ట చూసి, ఇంత జుట్టు ఎక్కడి నుంచి పోయిందా అనుకున్నాను.

విరబోసుకుంటే నిజంగానే బాగుంది. ముందు పాయలు గుండెల మీద ఆగి, భుజాల పక్కగా వాలుగా వెనక్కి సాగిపోయాయి; బరువు తగ్గడంతో చెంపల దగ్గర జుట్టు కాస్త ఎత్తుగా నిలిచింది. అసలు సంగతి మర్నాడు ఉదయం జడ వేసుకునేటప్పుడు తెలిసింది. నుదుటి దగ్గరి 38 సెంటీమీటర్ల పాయ వెనక్కి దువ్వితే మెడ చేరేసరికే 35 ఖర్చయిపోతుంది, జడలోకి మిగిలేది మూడు. అల్లిన పది నిమిషాలకే అవి రెండు చెవుల పైనుంచీ జారి బయటికి వచ్చాయి. చివరి జానెడు జడలో మెడ దగ్గరి జుట్టు తప్ప మరేదీ లేకపోవడంతో అది ఎలుక తోకలా సన్నబడింది. రోజూ జడ వేసుకునేవారికి ఈ నష్టం అన్నిటికంటే పెద్దదని నా అభిప్రాయం.

బ్యాండు పక్కకు జరగడం మరో ప్రమాదం. అది నడిమి నుంచి రెండు సెంటీమీటర్లు ఎడమకు జరిగితే, ఎడమ జుట్టు అంత తగ్గి, కుడి జుట్టు అంత పెరిగి, రెండు వైపుల మధ్య దాదాపు నాలుగు సెంటీమీటర్ల తేడా వస్తుంది. అందుకే ముక్కుకు నేరుగా పిలక నిలిచిందో లేదో అద్దంలో చూసి, కోత చోటుకు కొంచెం పైన రెండో బ్యాండు వేయడం మేలు. ఒత్తయిన జుట్టును ఒక్క కోతతో తెంచబోతే కట్ట కత్తెర నోట్లోంచి జారుతుంది, అంచు వంకరపోతుంది. మొద్దుబారిన వంటింటి కత్తెర వెంట్రుకను కోయకుండా నలుపుతుంది, ఆ చోటే తర్వాత చిట్లుతుంది. పదునైన జుట్టు కత్తెరను నిలువుగా పట్టి, కొద్దికొద్దిగా చివరలోకి కోసుకుంటూ పోవాలి. తడి జుట్టు సాగుతుంది, ఆరాక పైకి లేస్తుంది కాబట్టి ఆరిన జుట్టు మీదే చేయాలి. ఉంగరాల జుట్టువారు దీని జోలికి పోకపోవడమే మంచిది, ఎందుకంటే ప్రతి ఉంగరం ఒక్కో తీరున ముడుచుకుని మెట్లు గజిబిజిగా కనిపిస్తాయి.

జడ వదులుకోలేనివారు బ్యాండును నుదుటి దగ్గర కాక నడినెత్తిన వేయాలి. అక్కడి నుంచి నుదుటికీ మెడకీ దూరం నా తల మీద దాదాపు 18 సెంటీమీటర్లే కాబట్టి, 55 దగ్గర కోస్తే ముందు జుట్టు ఏమీ తగ్గదు, మెడ దగ్గర రెండు సెంటీమీటర్లు మాత్రమే పోతుంది. పొట్టిగా అయ్యేది నడినెత్తి జుట్టు. అది కూడా మెడ దాటి 37 సెంటీమీటర్లు వేలాడుతుంది గనుక జడలో చాలా దూరం నిలుస్తుంది. ముఖం చుట్టూ మార్పు మాత్రం కనిపించదు.

జుట్టు సాధారణంగా నెలకు ఒక సెంటీమీటరు, కాస్త అటూఇటూగా పెరుగుతుంది. ఆరు నెలలు గడిచిన ఈ రోజు నా ముందు పాయలు 44 ఉన్నాయి. చెవుల పైన పిన్నులు మానేశాను, కానీ జడ మూడో మెలిక దగ్గర చివర్లు ఇంకా బయటికి పొడుచుకొస్తూనే ఉన్నాయి.