ఐటీ సామగ్రి రిజిస్టరు: ఒంగోలు ఆఫీసు, చీమకుర్తి యార్డు (31-03-2026 నాటికి)

రిజిస్టరు బాధ్యత: నాగరాజు, ఎగుమతి పత్రాల విభాగం. వస్తువులను ఎదురుగా పెట్టుకుని సరిచూసింది: 28-03-2026, శనివారం. ఒంగోలు కర్నూలు రోడ్డు ఆఫీసులో పొద్దున, చీమకుర్తి యార్డులో మధ్యాహ్నం.

స్టిక్కరు నెంబర్లు: 100 వరస ల్యాప్‌టాప్‌లు, 200 డెస్క్‌టాప్‌లు, 300 మానిటర్లు, 400 ప్రింటర్లు, 500 నెట్‌వర్కు, కెమెరాలు, బ్యాకప్ డిస్కులు, 600 యూపీఎస్‌లు, 700 డిజిటల్ సంతకం టోకెన్. వస్తువు పోయినా, అమ్మేసినా దాని నెంబరు ఇంకోదానికి ఇవ్వం. తేదీలన్నీ రోజు-నెల-సంవత్సరం వరసలోనే.

ల్యాప్‌టాప్‌లు, డెస్క్‌టాప్‌లు

| నెం. | వస్తువు | సీరియల్ | ఎవరి దగ్గర | కొన్నది | వారంటీ ముగింపు |
|---|---|---|---|---|---|
| 101 | డెల్ వోస్ట్రో 3520, 16 జీబీ, 512 జీబీ | 7HK4TR3 | శ్రీనివాసులు, మేనేజరు | 14-08-2023 | 13-08-2026 |
| 102 | డెల్ వోస్ట్రో 3520, 8 జీబీ, 512 జీబీ | 9QW2TR3 | రమాదేవి, అకౌంట్స్ | 14-08-2023 | 13-08-2026 |
| 103 | హెచ్‌పీ 240 జీ9, 8 జీబీ, 512 జీబీ | 5CD3187KXM | నాగరాజు, ఎగుమతి పత్రాలు | 06-11-2023 | 05-11-2024 (అయిపోయింది) |
| 104 | లెనోవో థింక్‌ప్యాడ్ ఈ14, 16 జీబీ | PF4M7XQ2 | మస్తాన్, మార్కెటింగ్ | 19-06-2024 | 18-06-2027 |
| 105 | లెనోవో థింక్‌ప్యాడ్ ఈ14, 8 జీబీ | PF5A2LKN | కోటేశ్వరరావు, యార్డు సూపర్‌వైజరు | 22-01-2025 | 21-01-2026 (అయిపోయింది) |
| 201 | లెనోవో థింక్‌సెంటర్ డెస్క్‌టాప్ (ట్యాలీ) | PC2K8V4T | రమాదేవి, అకౌంట్స్ | 14-08-2023 | 13-08-2026 |
| 202 | అసెంబుల్డ్ డెస్క్‌టాప్, ఐ5-7400 (కాటా) | కింద చూడండి | కోటేశ్వరరావు, యార్డు | 09-10-2017 | 08-10-2020 (అయిపోయింది) |

101, 102: రెండూ ఒకే బిల్లు. బిల్లులో 16 జీబీ మెషిన్ ఎదురుగా 9QW2TR3 అని పడింది. మెషిన్లు తెరిచి చూస్తే తారుమారు. పైన ఉన్నవి మెషిన్ అడుగున చూసి రాసినవి. బిల్లు జిరాక్సు మీద కూడా ఎర్ర ఇంకుతో దిద్ది మేనేజరు గారు సంతకం పెట్టారు. వారంటీ కార్డు ప్రకారం మెషిన్‌కి మూడేళ్లు, బ్యాటరీకి ఏడాదే. ఆగస్టు దాకా వారంటీ ఉంది కదా అని బ్యాటరీ కోసం ఫోన్ చేస్తే ఉపయోగం లేదు.

103: పాత రిజిస్టరులో సీరియల్ స్థానంలో చివర `#ACJ` ఉన్న ప్రొడక్ట్ నెంబరు రాసి ఉంది. అది మోడల్‌ది, అదే మోడల్ మెషిన్లన్నిటికీ ఒకటే ఉంటుంది. ఈ కంపెనీ ల్యాప్‌టాప్ స్టిక్కరు మీద రెండూ పక్కపక్కనే ఉంటాయి. సీరియల్ పది అక్షరాలది, ముందు `S/N` అని ఉంటుంది. బ్యాటరీ 41,040 నుంచి 23,390 ఎండబ్ల్యూహెచ్‌కి దిగింది, అంటే 57 శాతం. 50 కిందికి వస్తే కొత్తది కొనాలి. ప్రస్తుతం ఛార్జరు పెట్టే వాడుతున్నాం.

105: యార్డు షెడ్డులో ఉంటుంది. కోత మెషిన్ల దగ్గర లేచే రాతి దుమ్ము తడి గాలితో కలిసి హీట్ సింక్ రెక్కల మధ్య సిమెంటులా గట్టిపడుతుంది. ఫ్యాన్ తిరుగుతున్నా వేడి బయటికి పోదు. ఫిబ్రవరిలో మెషిన్ నెమ్మదించిందంటే కారణం ఇదే. 15 రోజులకోసారి బ్లోయర్‌తో ఊదాలి. ఊదేటప్పుడు ఫ్యాన్ గిరగిరా తిరగకుండా చిన్న పుల్లతో ఆపి పట్టాలి, లేకపోతే బేరింగ్ పోతుంది. వారంటీ జనవరిలోనే అయిపోయింది. పొడిగింపు గడువు లోపల అడగాల్సింది, ఎవరూ చూడలేదు.

202: కేబినెట్ మీద ఏ సీరియలూ లేదు కాబట్టి భాగాల వారీగా రాశాం. మదర్‌బోర్డు `HB7M204481`. ఎస్‌ఎస్‌డీ 500 జీబీ `S6PXNM0T51827`, 12-05-2024న మార్చింది, దీని వారంటీ మాత్రం 11-05-2029 వరకు ఉంది. ఎస్‌ఎంపీఎస్ 450 వాట్లు `4501908237`, వారంటీ లేదు. కాటా ఇండికేటరు తీగ దీని వెనకున్న సీరియల్ పోర్టుకి తగిలించి ఉంది, అందుకే దీన్ని ఇంకా ఉంచాం. ఏడో తరం ప్రాసెసరు కావడంతో విండోస్ 11కి అర్హత లేదు. విండోస్ 10కి ఉచిత భద్రతా అప్‌డేట్లు 14-10-2025తో ఆగాయి. నెట్ తీగ పీకేశాం, మళ్లీ పెట్టొద్దు. పెన్‌డ్రైవ్ పెట్టేది కూడా కోటేశ్వరరావు గారు ఒక్కరే.

మానిటర్లు, ప్రింటర్లు

| నెం. | వస్తువు | సీరియల్ | ఎక్కడ / ఎవరి దగ్గర | కొన్నది | వారంటీ ముగింపు |
|---|---|---|---|---|---|
| 301 | 22 అంగుళాల మానిటర్ | V3089K41 | 201తో, రమాదేవి | 14-08-2023 | 13-08-2026 |
| 302 | 24 అంగుళాల మానిటర్ | CN4401T7ZB | 103తో, నాగరాజు | 05-02-2024 | 04-02-2027 |
| 303 | 19 అంగుళాల మానిటర్ | 709NTKF3M118 | 202తో, యార్డు | 09-10-2017 | 08-10-2020 (అయిపోయింది) |
| 401 | లేజర్ ప్రింటర్, స్కానర్‌తో | VNB5R20764 | ఆఫీసు హాలు, రమాదేవి | 11-07-2025 | 10-07-2026 |
| 402 | ఇంక్ ట్యాంక్ కలర్ ప్రింటర్ | X8KM031925 | మస్తాన్ | 17-05-2024 | 16-05-2025 (అయిపోయింది) |
| 403 | ఎప్సన్ ఎల్ఎక్స్-310 డాట్ మ్యాట్రిక్స్ | Q7FY118306 | కాటా గది, కోటేశ్వరరావు | 03-09-2021 | 02-09-2022 (అయిపోయింది) |

302 ఇదివరకు రమాదేవి గారి పేరు మీద ఉండేది. 02-12-2025 నుంచి నాగరాజు టేబుల్ మీద ఉంది, మార్పు రాయలేదు. ఇప్పుడు రాశాం.

402ని వారం రోజులు వాడకపోతే హెడ్‌లో ఇంకు ఎండిపోతుంది. సోమవారం, గురువారం ఒక్కో కలర్ పేజీ తీయాలి. హెడ్ క్లీనింగ్ వరసగా మూడుసార్లకు మించి కొట్టొద్దు. ఆ ఇంకంతా లోపలి వేస్టు ప్యాడులోకే పోయి, అది నిండితే ప్రింటర్ ఆగిపోతుంది.

403లో మూడు ప్రతుల కాటా చీటీ వేస్తాం. మూడో ప్రతి కనపడటం లేదంటే ముందు కాగితం మందం లివరు చూడండి, ఆ తర్వాతే రిబ్బను.

నెట్‌వర్కు, కెమెరాలు, బ్యాకప్

| నెం. | వస్తువు | సీరియల్ | ఎక్కడ / బాధ్యత | కొన్నది | వారంటీ ముగింపు |
|---|---|---|---|---|---|
| 501 | ఫైబర్ రూటర్ | 48575443A19C07 | ఆఫీసు, నాగరాజు | ఇంటర్నెట్ వాళ్లది | వర్తించదు |
| 502 | 8 పోర్టుల గిగాబిట్ స్విచ్ | 2243917006182 | ఆఫీసు, నాగరాజు | 19-06-2024 | 18-06-2027 |
| 503 | వైఫై యాక్సెస్ పాయింట్ | 2239A05001447 | ఆఫీసు హాలు, నాగరాజు | 19-06-2024 | 18-06-2027 |
| 504 | 8 ఛానెళ్ల ఎన్‌వీఆర్, 2 టీబీ | K20418863 | యార్డు, కోటేశ్వరరావు | 25-09-2024 | 24-09-2026 |
| 505 | ఐపీ కెమెరాలు 4 | K55120711, 712, 713, 719 | యార్డు గేటు, కాటా, స్లాబుల వరస, షెడ్డు | 25-09-2024 | 24-09-2026 |
| 506 | బయటి హార్డ్ డిస్క్ 2 టీబీ | WX62D41K8RFE | ఆఫీసు బీరువా, రమాదేవి | 08-04-2024 | 07-04-2027 |
| 507 | బయటి హార్డ్ డిస్క్ 2 టీబీ | NAB9T0QX | శ్రీనివాసులు గారి ఇల్లు | 22-01-2025 | 21-01-2028 |

501 మన ఆస్తి కాదు, విలువ లెక్కలో కలపొద్దు. కనెక్షన్ మానేస్తే అడాప్టరుతో సహా తిరిగివ్వాలి, లేకపోతే డిపాజిట్ వెనక్కి రాదు. సీరియల్ రాసి పెట్టుకున్నది ఇందుకే.

506, 507 ప్రతి శనివారం చేతులు మారతాయి. ట్యాలీ డేటా, షిప్పింగ్ పత్రాల ఫోల్డరు రెండూ వెళ్లాలి. రెండు డిస్కులూ ఒకే బీరువాలో ఉన్న రోజు బ్యాకప్ లేనట్టే లెక్క.

యూపీఎస్‌లు, టోకెన్

| నెం. | వస్తువు | సీరియల్ | ఎక్కడ / బాధ్యత | కొన్నది | గడువు |
|---|---|---|---|---|---|
| 601 | యూపీఎస్ 600 వీఏ | 9B2327A10458 | 201కి, రమాదేవి | 14-08-2023 | 13-08-2025 (అయిపోయింది) |
| 602 | యూపీఎస్ 1 కేవీఏ | E21H0093751 | కాటా గది, కోటేశ్వరరావు | 03-09-2021 | 02-09-2023 (అయిపోయింది) |
| 603 | యూపీఎస్ 600 వీఏ | 9B2416A22907 | 501, 502, 503లకి, నాగరాజు | 19-06-2024 | 18-06-2026 |
| 701 | డిజిటల్ సంతకం టోకెన్, క్లాస్ 3 | 0A4C71E2 | శ్రీనివాసులు | 10-12-2024 | సర్టిఫికెట్ 09-12-2026 |

28వ తేదీన గోడ స్విచ్ ఆపి, మామూలు లోడు మీద చూశాం. 601 రెండు నిమిషాలే నిలిచింది, ట్యాలీ మూసే లోపే ఆరిపోతోంది. 12 వోల్టులు, 7 ఏహెచ్ బ్యాటరీ ఒకటి కొనాలి. 602 పదకొండు నిమిషాలు, దాని రెండు బ్యాటరీలూ 2025 మేలో మార్చినవి. 603 పద్దెనిమిది నిమిషాలు. లేజర్ ప్రింటరును ఏ యూపీఎస్‌కీ తగిలించొద్దు. అది వేడెక్కేటప్పుడు లాగే కరెంటుకి 600 వీఏ యూపీఎస్ ఓవర్‌లోడై ట్రిప్ అవుతుంది.

701 లేనిదే కస్టమ్స్ ఐస్‌గేట్‌లో పత్రాల మీద సంతకం జరగదు. పునరుద్ధరణ నవంబరు మొదటి వారంలో మొదలుపెట్టాలి. పిన్ వరసగా తప్పు కొడితే టోకెన్ లాక్ అవుతుంది. రెండుసార్లు తప్పితే ఆపి మేనేజరు గారిని అడగాలి. పిన్ ఈ రిజిస్టరులో రాయొద్దు, టోకెన్ వెనక అసలే వద్దు.

ముందున్న గడువులు

603కి 79 రోజులు, 401కి 101 రోజులు మిగిలాయి. 101, 102, 201, 301 నాలుగూ 135 రోజుల్లో ఒకే రోజు వారంటీ దాటుతాయి. 504, 505లకు 177 రోజులు. ఆగస్టువాటికి జూన్ 15 లోపల రెండు ధరలు తెప్పించాలి. 101, 201 పొడిగించడం మేలు. 102కి పొడిగింపు బదులు 8 జీబీ ర్యామ్ వేస్తే ఎక్కువ పనికొస్తుంది. 301 మానిటర్‌కి పొడిగింపు డబ్బు దండగ. 603, 401లలో ఏ చిన్న లోపం కనపడినా గడువుకి పది రోజుల ముందే ఫిర్యాదు నెంబరు తీసుకుని ఇక్కడ రాయాలి.

తయారీదారు సైటులో వారంటీ బిల్లు తేదీకంటే ముందే ముగుస్తున్నట్టు కనపడొచ్చు. సరుకు గోడౌన్ నుంచి కదిలిన రోజు నుంచి లెక్కేయడమే కారణం. 104కి అలాగే 41 రోజులు తక్కువ చూపించింది. జీఎస్టీ బిల్లు, సీరియల్ ఫొటో పంపాక సరిచేశారు.

నమోదు పద్ధతి

సీరియల్ మెషిన్ నుంచే తీయాలి. స్టిక్కరు అరిగిపోతే పవర్‌షెల్‌లో:

```
Get-CimInstance Win32_BIOS | Select-Object SerialNumber
Get-CimInstance Win32_BaseBoard | Select-Object SerialNumber
Get-PhysicalDisk | Select-Object FriendlyName, SerialNumber
powercfg /batteryreport
```

అసెంబుల్డ్ మెషిన్‌లో మొదటి ఆదేశానికి `To be filled by O.E.M.` అని వస్తే అది సీరియల్ కాదు, రెండో ఆదేశం ఫలితం రాయాలి. మదర్‌బోర్డు మార్చిన ల్యాప్‌టాప్ తిరిగొచ్చాక మొదటి ఆదేశం తప్పక ఇవ్వండి. టెక్నీషియను పాత సీరియల్‌ను కొత్త బోర్డులో ఎక్కించకపోతే ఖాళీగా వస్తుంది, ఆ తర్వాత వారంటీ తేలదు. సున్నాకీ ఓ అక్షరానికీ, 8కీ బీకీ తేడా కళ్లతో నమ్మొద్దు, ఫొటో తీసి పెద్దది చేసి చూడండి.

ఎక్సెల్ ప్రతిలో కొన్న తేదీ ఎఫ్ గడిలో, నెలలు జీ గడిలో, ముగింపు హెచ్ గడిలో. మిగిలిన రోజులు ఐ గడిలో:

```
=EDATE(F2,G2)-1
=H2-TODAY()
```

తేదీ గడికి ఎడమవైపు అంటుకుని ఉంటే ఎక్సెల్ దాన్ని అక్షరాలుగా తీసుకుందని అర్థం. 05-11 కాస్తా మే 11 అయిపోయేది కూడా ఇక్కడే. నెల పేరు కనపడేలా ఫార్మాట్ మార్చి ఒకసారి చూసుకోవాలి.

వస్తువు చేతులు మారిన రోజే ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు ఇద్దరూ సంతకం పెట్టాలి. ఛార్జరు, సంచి, మౌస్ కూడా అదే వరసలో రాయాలి. ఉద్యోగం మానేవారి చివరి జీతం లెక్కకు ముందు వారి పేరు మీదున్నవన్నీ ఇక్కడ కొట్టివేత పడాలి. పాడైనవి పాత సామాన్ల బండికి వేయొద్దు. డిస్కు తీసి చెరిపాక, నమోదైన ఈ-వ్యర్థాల రీసైక్లర్‌కి ఇచ్చి రసీదు ఇక్కడ అంటించాలి.

ఈ తనిఖీలో తేలిన పనులు

601 బ్యాటరీ: రమాదేవి గారు, 04-04-2026 లోపల. 105 శుభ్రం, థర్మల్ పేస్టు: కోటేశ్వరరావు గారు, 06-04-2026. ఆ రోజు ఆయన కాటా కంప్యూటర్ మీదే పని చూసుకుంటారు. కెమెరా 719 పెట్టెలోకి వాన నీరు దిగి తీగ చివర పచ్చగా చిలుము పట్టింది. కొత్త కనెక్టరు వేసి, పెట్టె మూత కింది వైపుకి తిప్పాలి: నాగరాజు, 11-04-2026. 104 ఛార్జరు కనపడలేదు. మస్తాన్ గారు గుంటూరు నుంచి వచ్చాక చూపిస్తామన్నారు. 07-04-2026 నాటికి రాకపోతే కొత్తది కొని ఖర్చు మేనేజరు గారి ముందు పెట్టాలి. తర్వాతి తనిఖీ 26-09-2026.