చింతలకుంట గ్రామసభ తీర్మానాలు

తేది 02-10-2024, బుధవారం ఉదయం 10 గంటలకు, ముందురోజు టముకు వేయించిన మీదట, సర్పంచ్ గారి అధ్యక్షతన పంచాయతీ ఆఫీసు ఆవరణలో గ్రామసభ జరిగినది. హాజరు 214 మంది. సంతకాలు, వేలిముద్రలు రిజిస్టరులో కలవు.

తీర్మానం 1: ఎస్సీ కాలనీ పెద్దావిడ ఒకరు ఆ ఉదయం కుళాయిలో పట్టిన నీళ్లు చెంబుతో తెచ్చి బల్లపై పెట్టారు. నీళ్లు ఎర్రగా, అడుగున మడ్డితో ఉన్నట్లు సభ కళ్లారా చూసినది. పైపు మురుగుకాల్వలోనుంచి పోతూ జాయింటు వద్ద లీకవుతున్నదని వాటర్‌మన్ తెలిపారు. 180 మీటర్ల కొత్త పైపు కాల్వకు దూరంగా, 15వ ఆర్థిక సంఘం నిధులతో వేయుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. పని పూర్తయ్యేవరకు రోజూ ఉదయం, సాయంత్రం ట్యాంకరు పంపాలి. ఇది ఎన్నో నెలలుగా అడుగుతున్న పని, ఇక ఆలస్యం తగదని సభ అభిప్రాయం నమోదు చేయడమైనది.

తీర్మానం 2: ఊరచెరువు పూడికతీత ఉపాధి హామీ పనుల్లో చేర్చాలి. తూము దగ్గర తవ్వరాదని ఆయకట్టు రైతులు కోరగా సభ ఒప్పుకొన్నది.

తీర్మానాలు చదివి వినిపించగా సభ ఆమోదించినది.

(సం) సర్పంచ్
(సం) పంచాయతీ కార్యదర్శి