6వ అధ్యాయం: మార్జిన్, కరెంట్ రేషియో, లీవరేజ్ – సభ్యులందరికీ అర్థమయ్యేలా

ఈ ప్లాన్‌లో బ్యాంకు కోసం రాసిన పట్టికలు చివరి అనుబంధంలో ఉన్నాయి. ఈ అధ్యాయం మాత్రం బ్యాంకు కోసం కాదు. మన ఉత్పత్తిదారుల కంపెనీలో 750 మంది వాటాదారులున్నారు, దాదాపు అందరూ మిరప రైతులే. కారం మిల్లు పెట్టాలా వద్దా అని సర్వసభ్య సమావేశంలో చెయ్యెత్తేది మీరే. దేనికి చెయ్యెత్తుతున్నారో తెలియకుండా ఎత్తడం మంచిది కాదు. అందుకే మూడు లెక్కలు విడమరిచి రాస్తున్నాం. అంకెలన్నీ మిల్లు నడిచే మొదటి పూర్తి సంవత్సరానివి, అంటే 2026 ఏప్రిల్ నుంచి 2027 మార్చి దాకా. ఇవి మన అంచనాలు.

మార్జిన్: అమ్మిన ప్రతి వంద రూపాయల్లో ఎంత మిగులుతుంది?

కిలో కారంతో మొదలుపెడదాం. ఎండుమిర్చి క్వింటాల్ 14,400 రూపాయలకు కొంటామనుకున్నాం. తొడిమలు, తాలు కాయలు, తేమ, మిల్లులో ఎగిరిపోయే పొడి అన్నీ పోగా వంద కిలోల మిర్చికి 90 కిలోల కారం వస్తుంది. అంటే కిలో కారంలో మిర్చి ఖర్చే 160 రూపాయలు. తొడిమలు తీసే కూలి, మిల్లు కూలి కలిపి 14, కరెంటు, మరమ్మతులు 5, కవర్లు, లేబుళ్లు, అట్టపెట్టెలు సగటున 9. మొత్తం 188. సగటు అమ్మకం ధర 230. తేడా 42 రూపాయలు. దీన్నే గ్రాస్ మార్జిన్ అంటారు.

ఇక్కడ చాలామంది తడబడతారు. 188 పెట్టి 42 సంపాదించాం కాబట్టి లాభం 22 శాతం అనిపిస్తుంది. మార్జిన్‌ను ఎప్పుడూ అమ్మకం ధర మీదే లెక్కించాలి. 42ని 230తో భాగిస్తే 18.3 శాతం. పెట్టుబడి మీద వేసే శాతం ఎప్పుడూ పెద్దగా కనిపిస్తుంది. ఎవరైనా ఇంత శాతం లాభం అని చెబితే, దేని మీద అని ముందు అడగండి.

ఈ 42 కూడా సగటే. 25 కిలోల బస్తాల్లో హోటళ్లకు, పచ్చళ్ల తయారీదారులకు ఇచ్చే కారానికి కిలోకు 208 వస్తుంది, ఖర్చు 181, మిగిలేది 27. చిన్న ప్యాకెట్లలో కిరాణా షాపులకు ఇస్తే 252 వస్తుంది, ఖర్చు 195, మిగిలేది 57. అలాగైతే మొత్తం ప్యాకెట్లే వేద్దాం కదా అని గత బోర్డు మీటింగులో ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ బస్తా కొనేవాళ్లు లోడు దిగగానే డబ్బు ఇస్తారు. కిరాణా షాపులు నెల, నెలన్నర అరువు పెడతాయి. మార్జిన్ ఎక్కువ ఉన్న దారిలో డబ్బు ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యం ధర కరెంట్ రేషియో దగ్గర తెలుస్తుంది. అందుకే ఈ ప్లాన్‌లో సగం సగం పెట్టాం: 50 టన్నులు బస్తాలు, 50 టన్నులు ప్యాకెట్లు.

వంద టన్నులు అమ్మితే రాబడి 2 కోట్ల 30 లక్షలు, గ్రాస్ మార్జిన్ 42 లక్షలు. వినడానికి పెద్ద మొత్తమే. దాంట్లోంచి జీతాలు 9.6 లక్షలు, రవాణా, డీలర్ల కమీషన్ 8.4 లక్షలు, కోల్డ్ స్టోరేజీ అద్దె 2.5 లక్షలు, బీమా, ఆడిట్, లైసెన్సులు, ఇతర ఖర్చులు 2.5 లక్షలు పోవాలి. మిగిలేది 19 లక్షలు. బ్యాంకు వడ్డీ 8.3 లక్షలు, యంత్రాల తరుగుదల 4.5 లక్షలు తీసేస్తే 6.2 లక్షలు. పన్ను కట్టాక చేతికి సుమారు 4.6 లక్షలు. వంద రూపాయల కారం అమ్మితే చివరికి మనకు నిలిచేది రెండు రూపాయలు. దీన్ని నెట్ మార్జిన్ అంటారు.

రెండు రూపాయలంటే తప్పటడుగు వేయడానికి చోటు లేదన్నమాట. మిర్చి ధర పది శాతం పెరిగి, కారం ధర పెంచలేకపోతే ఏమవుతుందో చూడండి. కిలోకు 16 రూపాయల ఖర్చు పెరుగుతుంది, వంద టన్నులకు 16 లక్షలు. 6.2 లక్షల లాభం 9.8 లక్షల నష్టంగా మారుతుంది. గుంటూరు యార్డులో ధర పది శాతం కదలడం ఎంత మామూలో ఈ సభలో ఎవరికీ చెప్పక్కర్లేదు. అందుకే ప్యాకెట్ల ధరను ఏడాదికోసారి కాకుండా మూడు నెలలకోసారి మార్చుకునేలా డీలర్లతో ఒప్పందం ఉండాలని 4వ అధ్యాయంలో పట్టుబట్టాం.

ఒక చిన్న జాగ్రత్త. బ్యాంకు మేనేజర్ మార్జిన్ అన్నప్పుడు లాభం గురించి మాట్లాడడం లేదు. సరుకు విలువలో మన సొంత డబ్బు ఎంత పెట్టాలి అన్నది ఆయన చెబుతున్నారు. ఈ అధ్యాయంలో దాన్ని ‘సొంత వాటా’ అనే రాశాం.

కరెంట్ రేషియో: ఏడాదిలోపు కట్టాల్సినవి కట్టగలమా?

లాభం ఉన్న కంపెనీలు కూడా చేతిలో డబ్బు ఆడక ఆగిపోతాయి. మన వ్యాపారంలో ఆ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే మిర్చి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు కొనేయాలి, కారం ఏడాది పొడవునా అమ్మాలి.

2027 మార్చి 31న మన దగ్గర ఏముంటుంది? కోల్డ్ స్టోరేజీలో 400 క్వింటాళ్ల మిర్చి, విలువ 57.6 లక్షలు. మిల్లులో తయారై ఉన్న కారం 9.4 లక్షలు. షాపుల నుంచి రావాల్సింది 14 లక్షలు. బ్యాంకులో 3 లక్షలు. మొత్తం 84 లక్షలు. ఇవన్నీ ఏడాదిలోపు డబ్బుగా మారతాయి.

ఏడాదిలోపు కట్టాల్సినవి: సరుకు హామీ మీద అవసరమైనప్పుడల్లా తీసుకునే బ్యాంకు అప్పు, అంటే సీసీ ఖాతాలో వాడుకున్నది 45 లక్షలు, మిర్చి ఇచ్చిన సభ్యులకు బాకీ 9 లక్షలు, కవర్ల వాళ్లకు, కూలీలకు 2 లక్షలు, యంత్రాల లోను వాయిదాలు 6 లక్షలు. మొత్తం 62 లక్షలు.

84ని 62తో భాగిస్తే 1.35. కట్టాల్సిన ప్రతి రూపాయికీ ఎదురుగా రూపాయి 35 పైసల ఆస్తి ఉందని దీని అర్థం. 1 కంటే తగ్గితే పాత బాకీ తీర్చడానికి కొత్త అప్పు చేయాల్సిన స్థితి. బ్యాంకులు సాధారణంగా 1.33 చూస్తాయి. రిజర్వు బ్యాంకు 1974లో వేసిన టాండన్ కమిటీ చెప్పిన పద్ధతి నుంచి వచ్చిన అంకె అది. చలామణీలో ఉండే ఆస్తుల్లో పావు వంతైనా దీర్ఘకాలిక డబ్బుతో, అంటే సొంత డబ్బుతోనో చాలా ఏళ్లకు తీర్చే లోనుతోనో పెట్టాలన్నది దాని సారం.

1.35 చూసి ఊరట పడొద్దు. 84 లక్షల్లో 67 లక్షలు సరుకే. సరుకు పక్కన పెట్టి, రావాల్సిన బాకీలు, చేతిలో డబ్బు మాత్రమే చూస్తే 17 లక్షలు, ఎదురుగా 62 లక్షల బాకీలు. అంటే 0.27. మన బలమంతా కోల్డ్ స్టోరేజీలో ఉన్న మిర్చి బస్తాల మీద ఉంది. మిర్చి ధర 15 శాతం పడిందనుకోండి, ఆ నిల్వ విలువ 8.6 లక్షలు తగ్గుతుంది, రేషియో 1.22కి దిగుతుంది. ఒక్క బస్తా కూడా పోలేదు, అయినా మన స్థితి మారిపోయింది.

దాంతోనే ఆగదు. సీసీలో ఎంత తీసుకోవచ్చో బ్యాంకు నెలనెలా మన స్టాక్ స్టేట్‌మెంట్ చూసి నిర్ణయిస్తుంది. సరుకు విలువలోంచి సభ్యులకు ఉన్న బాకీ తీసేసి, మిగిలినదాంట్లో 25 శాతం, షాపుల బాకీల్లో 40 శాతం మన సొంత వాటాగా తీసి లెక్క కడుతుందని ఈ ప్లాన్‌లో పెట్టుకున్నాం. ఆ ప్రకారం మార్చి చివర సుమారు 51.9 లక్షల దాకా వాడుకోవచ్చు, మనం వాడింది 45. ధర 15 శాతం పడితే ఆ పరిమితి 45.4 లక్షలకు వస్తుంది. అంచు మీద నిలబడినట్టే. షాపుల బాకీలు మూడు నెలలు దాటితే బ్యాంకు వాటిని అసలు లెక్కలోకే తీసుకోదు. కాబట్టి అరువు వసూలు చేసే పని సేల్స్ కుర్రాళ్లది మాత్రమే అనుకోకూడదు, బోర్డు ప్రతి నెలా చూడాలి.

మరొక మాట గట్టిగా చెప్పాలి. సీసీ డబ్బుతో షెడ్డు కట్టడం, యంత్రం కొనడం జరగకూడదు. ఏడాదిలోపు తిరిగి కట్టాల్సిన డబ్బును పదేళ్లకు గానీ తిరిగిరాని చోట పెడితే ఎంత లాభం వచ్చినా కరెంట్ రేషియో కూలుతుంది.

లీవరేజ్: ఎవరి డబ్బుతో నడుస్తున్నాం?

మార్చి చివర కంపెనీ ఆస్తులన్నీ కలిపితే 131.5 లక్షలు: పైన చెప్పిన 84, షెడ్డు, యంత్రాలు 47.5. ఇందులో మన సొంతం 45.5 లక్షలు. సభ్యుల వాటాధనం 15, ప్రభుత్వ ఈక్విటీ గ్రాంటు 15, పాత మిగులు 10.9, ఈ ఏడాది లాభం 4.6. మిగతా 86 లక్షలు బయటివాళ్లవి. 86ని 45.5తో భాగిస్తే 1.89, ఇదే లీవరేజ్. మన రూపాయికి బయటివాళ్లవి దాదాపు రూపాయి 90 పైసలు. 3 దాటితే బ్యాంకులు వెనకాడతాయి.

అప్పు చెడ్డదని ఈ ప్లాన్ అనడం లేదు. సొంత డబ్బుతోనే అయితే ఇంత మిర్చి కొనలేం, మిల్లు సగం రోజులు ఖాళీగా ఉంటుంది. అప్పు వల్లే 45.5 లక్షల సొంత డబ్బు మీద 10 శాతం సంపాదన వస్తోంది. కానీ అదే అప్పు నష్టాన్నీ పెంచుతుంది. ముందు చెప్పిన 9.8 లక్షల నష్టం వస్తే, మిగతా అంకెలు కదలకపోయినా, సొంత డబ్బు 31.1 లక్షలకు తగ్గుతుంది, బయటి బాకీలు 100.4 లక్షలకు పెరుగుతాయి, లీవరేజ్ 3.2 అవుతుంది. ఒక్క చెడ్డ సీజన్ చాలు.

దీన్ని తగ్గించే తేలిక దారి ఒకటుంది. ఇంకో 250 మంది రైతులు తలా 2,000 వాటా కొంటే 5 లక్షలు వస్తాయి. ఆ డబ్బు సీసీలో కట్టేస్తే లీవరేజ్ 1.60కి దిగుతుంది, కరెంట్ రేషియో 1.47కి ఎక్కుతుంది. చిన్న మొత్తమే అయినా రెండు చోట్లా పనిచేస్తుంది. సభ్యత్వ ప్రచారానికి జులై నుంచి సెప్టెంబర్ దాకా సమయం కేటాయించింది ఇందుకే.

సభ తేల్చాల్సినది

మనమే మిర్చి అమ్మేవాళ్లం, మనమే మిల్లు యజమానులం. కొనుగోలు రోజుల్లో యార్డు ధర కంటే క్వింటాల్‌కు 500 ఎక్కువ ఇవ్వాలని చాలామంది అడుగుతున్నారు. కోరిక సహజమే, కాయకోత కూలి ఎంత పెరిగిందో మాకూ తెలుసు. ఏడాదికి మనం కొనేది సుమారు 1,111 క్వింటాళ్లు. 500 చొప్పున 5.5 లక్షలు దాటుతుంది. పన్నుకు ముందు లాభం 6.2 లక్షలే కాబట్టి దాదాపు మొత్తం అక్కడే అయిపోతుంది.

అందుకని బోర్డు ప్రతిపాదన ఇది. మిర్చికి కొనుగోలు రోజు యార్డు ధరే ఇద్దాం. ఆడిట్ అయ్యాక కరెంట్ రేషియో 1.33 కంటే తగ్గకుండా, లీవరేజ్ 2 దాటకుండా ఉంటే, మిగులులో సగం దాకా ఎవరు ఎన్ని క్వింటాళ్లు ఇచ్చారో ఆ లెక్కన బోనస్‌గా పంచుదాం. ఈ రెండు హద్దుల్లో ఏది తప్పినా ఆ ఏడాది బోనస్ ఉండదు. ఈ తీర్మానం అజెండాలో 5వ అంశంగా ఉంది.