నాన్న కూలి లెక్క నుంచి నేర్చుకున్నది
(స్కాలర్‌షిప్ దరఖాస్తుకు జతపరిచిన వ్యాసం)

మా వంశంలో మొదటి డిగ్రీ నాది. మాది ధర్మవరం. నాన్న పట్టుచీరలు నేస్తారు, అమ్మ కండెలు చుడుతుంది. మగ్గం మాదే గానీ పట్టు, జరీ షావుకారువి. చీర నేసి అప్పగిస్తే కూలి ఇస్తారు. నెలకు రెండు చీరలు పూర్తయితే 9 వేలు. వానాకాలం మగ్గం గుంటలో నీళ్లు ఊరితే ఆ రెండూ కావు.

అక్క పెళ్లికి చేసిన బాకీ లెక్క షావుకారు పుస్తకంలోనే ఉండేది. నాన్నకు చదవడం రాదు. తొమ్మిదో తరగతిలో ఉండగా నేనొక నోటుబుక్కు పెట్టి, ఏ తేదీన చీర ఇచ్చామో, కూలిలో ఎంత పట్టుకున్నారో రాయడం మొదలుపెట్టాను. ఏడాది తిరిగేసరికి ఆయన లెక్కకూ మా లెక్కకూ 11,400 రూపాయలు తేడా వచ్చింది. నాన్న ఆ నోటుబుక్కు తీసుకెళ్లి ఎదురుగా కూర్చున్నారు. అంత మొత్తమూ బాకీలో తగ్గించారు. నాన్న అలా తలెత్తి మాట్లాడడం నేను చూడడం అదే మొదలు.

ఇప్పుడు బెంగళూరులో ఎం.ఎస్.డబ్ల్యూ. మొదటి ఏడాది చదువుతున్నాను. సర్జాపుర రోడ్డు పక్కన కట్టడాల కూలీల షెడ్లున్నాయి. అక్కడ మా అనంతపురం వైపు వాళ్లే ఎక్కువ. ఆదివారాలు పిల్లలకు చదువు చెప్పడానికి వెళ్లినప్పుడు తల్లుల కష్టం తెలిసింది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు కావాలంటే గడిచిన 12 నెలల్లో 90 రోజులు పని చేసినట్టు ధ్రువపత్రం చూపాలి. మేస్త్రీ సంతకం పెట్టడు. వీళ్ల దగ్గర ఏ రాతా ఉండదు.

మళ్లీ నోటుబుక్కే తెరిచాను. రోజూ ఎవరు ఏ సైటులో చేశారో, కూలి ఎంతో రాసేవాళ్లం. నాకు పరీక్షలొచ్చి రెండు వారాలు వెళ్లకపోతే పుస్తకం ఆగిపోయింది. తప్పు నాదే, అంతా నా చేతిలోనే పెట్టుకున్నాను. ఏడో తరగతి దాకా చదివిన ఒక అక్కకు అప్పగించాను. నాకంటే శ్రద్ధగా రాస్తోంది. ఆ పుస్తకం చూపించి అడిగితే మేస్త్రీలు కాదనలేకపోయారు. 31 మంది దరఖాస్తు చేస్తే 19 మందికి కార్డులు వచ్చాయి. మిగతా వాళ్ల కోసం ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాం.

డిగ్రీ ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో గడిచింది. ఈ ఏడాది ఫీజుకు అమ్మ కమ్మలు, గొలుసు బ్యాంకులో తాకట్టు పెట్టాం. హాస్టల్ ఖర్చు నెలకు 6,500, సాయంత్రం ట్యూషన్లతో నేనే కట్టుకుంటున్నాను. రెండో ఏడాది ఫీజు 64,000 రూపాయలు. నాన్నకు మోకాళ్లు నొప్పి, గుంటలో ఎక్కువసేపు కూర్చోలేకపోతున్నారు. ఇంకో బాకీ చేయమని ఆయన్ని అడగలేను.

ఈ సాయం అందకపోతే వారాంతాల్లో నైట్ షిఫ్టు ఉద్యోగానికి వెళ్లాల్సిందే, ఆదివారాలు పోతాయి. నేను అడుగుతున్నది ఆ 64,000 మాత్రమే. కార్డులు రావాల్సిన వాళ్లు ఇంకా 12 మంది ఉన్నారు.