సిటీ ఎడిషన్

నైట్ డ్యూటీలో పెద్దగా పనేం ఉండదని శ్రావణికి అందరూ చెప్పారు. పోలీస్ కంట్రోల్ రూమ్‌కి, ఫైర్ స్టేషన్‌కి, కేజీహెచ్‌కి గంటకోసారి ఫోన్ చేయడం, ఏమీ లేదంటే టీ తాగడం. అది జూన్ 14. ఏప్రిల్ 15న మొదలైన 61 రోజుల వేట నిషేధం ఆ అర్ధరాత్రితో అయిపోతుంది. 'నేటి నుంచి వేట' అనే వార్త, సాయంత్రం బోట్లకు చేసిన పూజల ఫొటోతో సహా సిటీ పేజీలో ఎప్పుడో కూర్చుంది.

11.40కి ఫైర్ స్టేషన్ వాళ్లు ఫోన్ ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. ఇంతలో ఫొటోగ్రాఫర్ నూకరాజు కింద నుంచే కేకేశాడు.

"హార్బర్‌లో బోట్లు తగలబడుతున్నాయంట. దిగు, దిగు!"

డెస్క్ ఇన్‌ఛార్జి మూర్తి గారు పూజల ఫొటోను పేజీలోంచి పీకేస్తూనే చెప్పారు. "12.40కి పేజీ ప్లేటుకి వెళ్లిపోవాలి. అక్కడ టైపు చేస్తూ కూర్చోకు. చూసింది చూసినట్టు ఫోన్లో చెప్పు, నేను రాసుకుంటా."

కేజీహెచ్ డౌన్ దిగుతుంటేనే ఆకాశం ఎర్రగా కనబడింది. కోస్టల్ బ్యాటరీ దాటాక రోడ్డంతా జనమే. బండి ఒక పక్కన పడేసి ఇద్దరూ పరుగెత్తారు.

తెల్లారి వేటకెళ్లాల్సిన బోట్లు అవి. రోజుల తరబడి సముద్రంలో ఉండటానికి డీజిల్ పట్టించారు, ఐసు నింపారు, వంటకి గ్యాస్ సిలిండర్లు ఎక్కించారు. రెండు నెలలుగా కదలని బోట్లన్నీ జెట్టీలో ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉన్నాయి. నిప్పుకి ఇంతకంటే ఏం కావాలి? సిలిండర్ పేలినప్పుడల్లా జనం ఒక్కసారిగా వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు పోతున్నారు. ఫైరింజన్లు వచ్చాయి గానీ ఆ జనంలోంచి జెట్టీ దాకా పైపులు లాగడమే కష్టంగా ఉంది. కుర్రాళ్లు కత్తులతో మోకులు కోసి, ఇంకా అంటుకోని బోట్లను నీళ్లలోకి తోస్తున్నారు. కొందరు వాటిలోకి దూకి అలాగే పోతున్నారు.

శ్రావణి అదంతా ఫోన్లో చెప్పింది. గొంతు వణికింది. మూర్తి గారు పట్టించుకోలేదు.

"ఎన్ని బోట్లు?"

"నలభై అంటున్నారు సార్. ఇంకొకాయన అరవై అన్నాడు."

"నువ్వెన్ని చూశావు?"

ఐస్ ప్లాంటు పక్క గోడ ఎక్కి లెక్కపెట్టింది. పొగ పక్కకి తొలగిన ప్రతిసారీ మళ్లీ మొదటినుంచి. "పదకొండు. పొగ వెనకాల ఇంకా ఉన్నాయి."

"'పదకొండుకు పైగా' అని రాస్తున్నా. మనుషుల సంగతి?"

అక్కడే టెన్షన్ మొదలైంది. నలుగురు చనిపోయారని అప్పటికే వాట్సాప్ గ్రూపులన్నిటిలో తిరుగుతోంది. ఒక టీవీ స్క్రోలింగ్ కూడా వేసేసిందని నూకరాజు ఫోన్ చూపించాడు. కాస్త దూరంలో ఒక సరంగు నేల మీద కూలబడి తల బాదుకుంటున్నాడు. శ్రావణి వెళ్లి పక్కన కూర్చుంది.

"నా బోట్లో ఇద్దరు కలాసీలు పడుకున్నారమ్మా. మాయమ్మ కొడుకులే, ఇద్దరూనూ. బోటేమో కాలిపోతంది."

"వాళ్లు లోపలే ఉండిపోవడం ఎవరైనా చూశారా, బాబాయ్?"

"ఎవులు సూస్తారమ్మా ఈ పొగలో!"

12.25. కేజీహెచ్‌కి ఫోన్ చేస్తే చేతులు కాలిన ముగ్గురొచ్చారు, అంతే అన్నారు. మూర్తి గారు మళ్లీ లైన్లోకి వచ్చారు. "నలుగురని అందరూ వేస్తున్నారు. ఏం చేద్దాం?"

"ఒక్కరినీ చూడలేదు సార్. ఇద్దరు కనబడట్లేదు. కానీ మోకులు కోసిన బోట్లలో ఎవరెవరు పోయారో ఇక్కడ ఎవరికీ తెలీదు."

అవతల క్షణం మాట లేదు. "2023 నవంబరులో ఇదే హార్బర్ తగలబడినప్పుడూ లెక్కలు గంట గంటకీ మారాయి. సరే. 'ముగ్గురికి గాయాలు, ఇద్దరి కోసం గాలింపు.' అంతే వేస్తున్నా. రేపు మీటింగులో నన్ను తింటారు, అది వేరే విషయం."

పేజీ వెళ్లిపోయింది. మంట మాత్రం రెండింటి దాకా అదుపులోకి రాలేదు.

ఆ తర్వాతే నీళ్లలోకి తోసిన బోట్లు ఒక్కొక్కటే తిరిగి రావడం మొదలైంది. మూడో దాంట్లోంచి ఇద్దరు కుర్రాళ్లు దిగారు, ఒంటి మీద మసి, కాళ్లకు చెప్పుల్లేవు. వేడికి మెలకువొచ్చి పక్క బోటులోకి దూకేశారట. సరంగు వాళ్లను కౌగిలించుకోలేదు, ముందు చెరో దెబ్బా వేశాడు.

శ్రావణి పేర్లు, ఇంటిపేర్లు రాసుకుంటుంటే వాళ్లలో చిన్నవాడు చెయ్యి చాపాడు.

"నీ ఫోనోపాలి ఇయ్యక్కా. నాది బోట్లో కాలిపోనాది."

అవతల ఫోనెత్తీ ఎత్తకముందే ఏడుపు వినబడింది.

"అమ్మా, నానే... నానేనే! సావనేదు, ఎవులు సెప్పినారే నీకు?... వాట్సాపా?"