పొందూరు అమ్మకు ఆహ్వాన పత్రం: వాట్సాప్ మాటల నుంచి ఉత్తరం దాకా

సంతోష్ పంపిన మెసేజ్‌లు, జూలై 11, శనివారం

సంతోష్: గణేశూ, బావున్నావా? అమ్మమ్మగారు ఎలగున్నారు?

గణేష్: బావున్నాం మేష్టారూ. రాట్నం దగ్గరే ఉన్నాది. ఏటి విశేషం?

సంతోష్: వచ్చే నెల చేనేత దినోత్సవం కదా. అమ్మమ్మగారు మా కాలేజీకొచ్చి పిల్లలకి నాలుగు మాటలు చెప్తే బాగుంటుందని.

గణేష్: అమ్మమ్మా? స్టేజీ ఎక్కా? పదేళ్ళప్పట్నుంచీ రాట్నమే గానీ మైకెప్పుడూ పట్టుకోలేదు మేష్టారూ.

సంతోష్: స్టేజీ ఏటీ వద్దు. కింద కూర్చుని వడుకుతూ మాట్లాడితే చాలు. దూది దువ్వే ఆ చేప దవడ కూడా తెస్తే పిల్లలు చూస్తారు.

గణేష్: అడుగుతాను. ఏ రోజు? శ్రావణ శుక్రారాలైతే ఇల్లు కదలదు.

సంతోష్: 7వ తేదీ. శుక్రవారమే, కానీ పంచాంగం చూశాను. శ్రావణం 13 నుంచి. అప్పటికింకా ఆషాఢమే.

గణేష్: అలగైతే పర్లేదు. ఎంతసేపు ఉంటాది? ఇంకో మాట మేష్టారూ, అడక్కూడదు గానీ, ఆ రోజు వడక్కపోతే ఆ రోజు కూలి పోతాది.

సంతోష్: అయ్యో, ఊరికే రప్పిస్తామేటి? ఏదో ఇస్తాం. శాలువా కప్పి సన్మానం చేస్తాం. బండి కూడా పంపిస్తాం.

గణేష్: సరే మేష్టారూ. అమ్మమ్మ ఏటంతన్నాదంటే, "కాయితం రాసి పంపమను, చదివించుకుని సెప్తాను" అంతన్నాది.

సంతోష్: తప్పకుండా.

ఉత్తరం రాసిపెట్టిన అక్క, దాంతో పాటు సంతోష్‌కు ఇచ్చిన చీటీ

తమ్ముడూ సంతోష్,

నీ మెసేజ్‌లన్నీ చదివాను. పంచాంగం చూసి మరీ తేదీ పెట్టావు, అది చాలా నచ్చింది. కానీ "ఏదో ఇస్తాం" అన్న దగ్గర ఆగిపోయాను. ఆ కుర్రాడు ఎంతో మొహమాటపడి అడిగిన ప్రశ్నకి అది జవాబు కాదు. వాళ్ళింట్లో వడికిన నూలు చుట్టలు, అంటే చిలపలు, లెక్కపెట్టుకుంటేనే డబ్బు. ఒక రోజు మనకిస్తే ఎన్ని చిలపలు పోతాయో ఆవిడకి తెలుసు, అందుకే కాయితం అడిగింది. అందుకని ఉత్తరం మొదలుపెట్టకముందే ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళాను. పోయిన ఏడాది మన సెమినారుకి వచ్చిన ప్రొఫెసర్ గారికి 5,000 ఇచ్చాం. అమ్మకీ అంతే ఇవ్వాలన్నాను. ఆయన ఒక్క క్షణం ఫైలు వైపు చూసి సరేనన్నారు. శాలువా కప్పుదాం, అది వేరే మర్యాద. పారితోషికం ఇవ్వాల్సిన చోట శాలువా పెట్టి ఊరుకోకూడదు.

"నాలుగు మాటలు" తీసేశాను. పెద్దాయనెవరో వస్తే "ప్రసంగాంశం" అని రాస్తాం. ఆవిడ దగ్గరికొచ్చేసరికి నాలుగు మాటలెందుకవ్వాలి? అంశం మొదట "పొందూరు ఖద్దరు వైభవం" అని రాసి కొట్టేశాను. వైభవం గురించి మనలాంటి వాళ్ళం ఎవరమైనా మాట్లాడగలం. గింజ మీదున్న దూదిని దవడతో ఎలా దువ్వాలో ఆవిడే చెప్పాలి.

ఇంకో సంగతి. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాలులో స్వదేశీ ఉద్యమం మొదలైంది. దాని గుర్తుగానే 2015 నుంచి ఆ రోజున జాతీయ చేనేత దినోత్సవం జరుపుతున్నారు. అయితే మిల్లు నూలుతో నేసినా చేనేతే. ఖద్దరు అనిపించుకోవాలంటే నూలు కూడా చేత్తోనే వడకాలి. ఏటా మనం మగ్గానికి దండం పెట్టి రాట్నాన్ని మరిచిపోతున్నాం. ఈసారి రాట్నం దగ్గర కూర్చునే మనిషిని పిలుస్తున్నామని ఉత్తరంలోనే చెప్పాను.

భాష చూసి "ఇదేమిటక్కా, ఆహ్వాన పత్రంలా లేదు" అనకు. "విచ్చేసి సభను అలంకరించవలసిందిగా" అని రాస్తే గణేష్ చదువుతాడు, ఆవిడ తలూపుతుంది, ఇద్దరికీ ఏమీ అందదు. గిడుగు రామమూర్తి గారు పుట్టిన జిల్లాలో వాడుక మాటల్లో గౌరవంగా రాయడానికి జంకెందుకు? డబ్బు, సమయం, బండి ఎక్కడా అనుమానం మిగలకుండా రాశాను. అది కూడా గౌరవమే.

నువ్వు చూసుకోవాల్సింది ఒకటుంది. సెమినారు హాల్లో ఫ్యాన్లు తిరుగుతుంటే దూది నిలవదు. ఆవిడ పని చూపించినంతసేపూ ఆపాలి. ఆగస్టు ఉక్కలో ఎనభై మంది పిల్లలు ఫ్యాను లేకుండా కూర్చోవాలంటే ఉత్తరం వైపు కిటికీలన్నీ తెరుచుకునేలా ముందురోజే చూడు. రెండు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి.

అక్క

ఆహ్వాన పత్రం

చరిత్ర విభాగం,
డిగ్రీ కళాశాల, శ్రీకాకుళం.
తేదీ: 2026 జూలై 13, సోమవారం

శ్రీమతి అప్పలనరసమ్మ గారికి,
ఖద్దరు నూలు నిపుణురాలు,
పొందూరు, శ్రీకాకుళం జిల్లా.

విషయం: జాతీయ చేనేత దినోత్సవం సందర్భంగా మా విద్యార్థులకు ముఖ్య అతిథిగా ప్రసంగించి, నూలు వడకడం చూపించవలసిందిగా ఆహ్వానం.

అమ్మా, నమస్కారం.

ఆగస్టు 7న మా కళాశాలలో చేనేత దినోత్సవం జరుపుకుంటున్నాం. ఏటా ఆ రోజు నేత గురించి మాట్లాడుకుంటాం గానీ, ఆ నేతకు ముందు నూలు తీసిన చేతుల గురించి మా పిల్లలకు ఎవరూ చెప్పలేదు. పదేళ్ళ వయసు నుంచి రాట్నం మీద పనిచేస్తున్న మీరు ఈసారి మా ముఖ్య అతిథిగా వచ్చి ఆ సంగతులు చెప్పాలని మా కళాశాల తరఫున కోరుతున్నాను.

మీ ప్రసంగాంశం: "వలుగ చేప దవడ నుంచి వంద కౌంటు నూలు దాకా: పొందూరు వడకరి పని."

ఈ అంశం ఎందుకు ఎంచుకున్నామో చెప్తాను. వంద కౌంటు నూలు అంటే ఒక్క గ్రాము దూదిలోంచి దాదాపు 169 మీటర్ల దారం. మా విద్యార్థులు ఈ లెక్కను పుస్తకంలో కట్టగలరు. పది గ్రాముల దూది చేతిలో పెడితే అందులో కిలోమీటరున్నర పైన దారం ఉందంటే మాత్రం నమ్మరు. మీరు వడికి చూపిస్తే నమ్ముతారు. గింజ వదలని పత్తిని దవడ పళ్ళతో దువ్వి నలుసులు తీయడం, చెక్క మీద ఇనుప కడ్డీతో గింజ వేరు చేయడం, దూదిని ఏకి ఏకులు చుట్టడం, ఆ ఏకులు పాడవకుండా అరటి దొప్పలో దాచడం, చివరికి రాట్నం మీద వడకడం. వీటిలో ఏ పనికి ఎంత సమయం పడుతుందో, ఎక్కడ చెయ్యి తప్పితే దారం తెగుతుందో మీ నోటితోనే వినాలని మా కోరిక. మీరు చిన్నప్పుడు ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఇప్పుడు మీ వీధిలో నేర్చుకునే పిల్లలున్నారో లేదో కూడా చెప్తే బాగుంటుంది. చెప్పడం ఇష్టం లేని విషయం ఏదైనా ఉంటే వదిలేయండి, ఎవరూ అడగరు.

తేదీ, సమయం: 2026 ఆగస్టు 7, శుక్రవారం, ఉదయం 10.30 నుంచి 11.45 వరకు. శ్రావణమాసం 13న మొదలవుతుంది కాబట్టి మీ నోములకు అడ్డు రాదు.

స్థలం: కళాశాల సెమినారు హాలు. కింది అంతస్తులోనే ఉంది, మెట్లు ఎక్కే పని లేదు.

వచ్చేవాళ్ళు: చరిత్ర, తెలుగు విభాగాల రెండో ఏడాది, మూడో ఏడాది విద్యార్థులు సుమారు 80 మంది, మా అధ్యాపకులు.

మొదట ముప్పావుగంట మీరు మాట్లాడుతూ పని చూపిస్తారు. తర్వాత అరగంట పిల్లలు ప్రశ్నలు అడుగుతారు. వేదిక మీద నిలబడి ఉపన్యాసం చెప్పక్కర్లేదు. హాలు మధ్యలో చాప వేసి, మీ చుట్టూ పిల్లల్ని కూర్చోబెడతాం. మీరు ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి. చొక్కాకు తగిలించే చిన్న మైకు ఉంది, చేతులకు అడ్డం రాదు. దూది ఎగరకుండా ఫ్యాన్లు ఆపిస్తాం.

గౌరవ పారితోషికం: ₹5,000 (అక్షరాలా ఐదు వేల రూపాయలు). మా కళాశాలకు వచ్చిన ముఖ్య అతిథులకు ఇచ్చే మొత్తమే ఇది. ఇందులోంచి పన్ను గానీ మరే ఖర్చు గానీ తీయం. కార్యక్రమం జరిగిన రోజే మీ బ్యాంకు ఖాతాకు పంపిస్తాం, దయచేసి పాస్‌బుక్ మొదటి పేజీ నకలు వెంట తెచ్చుకోండి. మీరు తెచ్చే పత్తికి, ఏకులకు విడిగా ₹500 అక్కడికక్కడే ఇస్తాం. ఒప్పుకున్న తర్వాత మా వైపు నుంచి కార్యక్రమం ఆగిపోతే వారం ముందే కబురు చేస్తాం. అలా చేయలేకపోతే మీ పని పోయినందుకు ₹1,000 చెల్లిస్తాం. మీకు ఒంట్లో బాగోకపోతే మాత్రం నిస్సంకోచంగా చెప్పండి, తేదీ మార్చుకుందాం.

ప్రయాణం: ఆ రోజు ఉదయం 9 గంటలకు మీ ఇంటికి కారు వస్తుంది. చిలకపాలెం మీదుగా తీసుకొచ్చి, మధ్యాహ్నం భోజనం అయ్యాక మళ్ళీ మీ గుమ్మం దగ్గరే దింపుతుంది. మీతో గణేష్ గానీ, ఇంకెవరైనా ఒకరు గానీ రావచ్చు. డిక్కీలో మీ రాట్నం, సామాను పట్టేలా చూస్తాం. రాట్నం కదిలించడం కష్టమనుకుంటే ముందే చెప్పండి, సంతోష్ స్వయంగా వచ్చి గుడ్డల్లో చుట్టి జాగ్రత్తగా ఎక్కిస్తారు. వలుగ దవడను ఎవరి చేతికీ ఇవ్వం, మీ దగ్గరే ఉంచుకుని చూపించండి. మళ్ళీ అలాంటిది దొరకాలంటే ఎంత కష్టమో మాకు తెలుసు.

ఫొటోలు, వీడియో మీరు సరేనంటేనే తీస్తాం. తీసినవి మా తరగతి గదిలో పాఠం కోసమే వాడతాం, ఒక ప్రతి మీ ఇంటికి పంపిస్తాం.

మీ అంగీకారం జూలై 20, సోమవారం లోపు గణేష్ ఫోను నుంచి సంతోష్‌కు తెలియజేయండి. ఉత్తరంలో ఏ మాటైనా మార్చాలనిపిస్తే, సమయం గానీ, డబ్బు గానీ, మరేదైనా గానీ, అదీ చెప్పండి. మార్చి మళ్ళీ కొత్త కాయితం పంపిస్తాం.

మీ రాక కోసం మా పిల్లలు ఎదురుచూస్తుంటారు.

ఇట్లు,
మీ విధేయుడు,
సంతోష్ కుమార్,
చరిత్ర అధ్యాపకుడు, కార్యక్రమ సమన్వయకర్త.

పారితోషికం, ప్రయాణ ఖర్చులు మంజూరు చేయడమైనది.
ప్రిన్సిపాల్

గణేష్‌కు: బాబూ, ఈ ఉత్తరం రెండు ప్రతులు పెట్టాం. ఒకటి మీ ఇంట్లోనే ఉంటుంది. అమ్మమ్మగారు ఒప్పుకుంటే రెండోదాని మీద సంతకం గానీ వేలిముద్ర గానీ వేయించి ఫొటో తీసి పంపు. డబ్బు గురించి రాసిన పేరా మాత్రం నెమ్మదిగా, రెండుసార్లు చదివి వినిపించు.