విజిల్ పడే ముందు నాలుగు మాటలు

అందరూ ఇటు సరుగుడు చెట్ల నీడలోకి రండి. వార్మప్ చేసి ఎండలో నిలబడితే రేసుకి దాచుకోవాల్సిన చెమటంతా ఇక్కడే కారిపోతుంది. షూ లేసులు రెండు ముళ్ళు వేశారా? వేసుకుంటూ వినండి, చేతులకి పని, చెవులకి పని.

రూటు నిన్న సాయంత్రం కలిసి నడిచాం కాబట్టి మళ్ళీ మొత్తం చెప్పను. నాలుగు కిలోమీటర్లు. ముందు ఈ చదును నేల, తర్వాత తోటలో దారి, ఆ తర్వాత ఎర్రమట్టి మెరక, చివరికి సముద్రం పక్కనుంచి వెనక్కి. రేసు మొదలయ్యేది ఈ గీత దగ్గరే అయినా, అసలు పోటీ ఆ మెరక దగ్గర. అక్కడికి ఎంత మిగుల్చుకుని వస్తారన్నదే ఇవాళ్టి లెక్క.

మన వైజాగ్ అమ్మాయి జ్యోతి యర్రాజి పేరు మీ అందరికీ తెలుసు. 100 మీటర్ల హర్డిల్స్‌లో పారిస్ ఒలింపిక్స్ దాకా వెళ్ళింది. ఆ పరుగు పదమూడు సెకన్లలో అయిపోతుంది, ఉన్నదంతా మొదటి అడుగు నుంచే పెట్టాలి. మీది ఇరవై నిమిషాల పని. ఆమెలా బయలుదేరితే మీరు తోట దాటరు.

విజిల్ పడగానే ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది, టెన్షన్ వెనకనుంచి తోస్తుంది, పక్క స్కూలు వాడు బాణంలా దూసుకుపోతాడు. పోనివ్వండి. మొదట్లోనే వేగం మించితే మీరు పీల్చే ఆక్సిజన్ కండరాలకి చాలదు. అవి ఆక్సిజన్ లేకుండానే శక్తి తయారు చేసుకోవడం మొదలుపెడతాయి. అలా చాలాసేపు నడవదు. తొడలు మండుతాయి, ఊపిరి అందదు, ఆ తర్వాత నెమ్మదించినా వెంటనే తేరుకోలేరు. సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్ళినవాళ్ళు ఉన్నారా? 32 కిలోమీటర్లు. తొలిపావంచా దగ్గర అందరినీ తోసుకుంటూ పోయినవాళ్ళు హనుమంతవాక దగ్గర కాళ్ళు పిసుక్కుంటూ కూర్చుంటారు. మెల్లగా నడిచే ముసలమ్మ వాళ్ళని దాటి వెళ్ళిపోతుంది. ఇవాళ మీరే ఆ ముసలమ్మ! నవ్వండి నవ్వండి, మెరక మీద గుర్తొస్తుంది.

సరైన వేగం ఎలా తెలుస్తుంది? మొదటి కిలోమీటర్లో పక్కవాడితో ఒక చిన్న మాట పూర్తిగా చెప్పగలగాలి. సగంలో ఊపిరి తెగితే కాస్త తగ్గండి. వాచీలు చూడొద్దు. ఇసుక మీద, మన తడిగాలిలో టైమింగ్ ఏమీ చెప్పదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. అందుకే ఊపిరినే నమ్ముకోండి.

మెరక మీద అడుగులు చిన్నవి చేయండి, చేతులు ఆడించండి, చూపు ముందున్నవాడి వీపు మీద పెట్టండి. అక్కడ వేగం తగ్గితే కంగారొద్దు, శ్రమ ఒకేలా ఉంటే చాలు. దిగేటప్పుడు మడమలతో బ్రేకులు వేయకండి, కొంచెం ముందుకి వంగి కాళ్ళని పోనివ్వండి. ఇసుకలో నీళ్ళు తడిపిన గట్టి భాగం మీద పరుగెత్తండి. డొక్కలో పట్టేస్తే కాస్త నెమ్మదించి, ఊపిరి పూర్తిగా బయటికి వదలండి. వదులుతుంది.

ఇక నాకు ఇష్టమైన సంగతి. మూడో కిలోమీటర్లో అందరికీ కష్టమే, ఫస్ట్ వచ్చేవాడికి కూడా. ఆ కష్టం రాగానే "నా పని అయిపోయింది" అనుకోకండి. వారాల తరబడి పొద్దున్నే లేచి మీరు ప్రాక్టీస్ చేసింది ఆ పది నిమిషాల కోసమే కదా! భుజాలు వదులు చేయండి, పిడికిళ్ళు విప్పండి, కుదిరితే ఒక నవ్వు నవ్వండి. మారథాన్‌లో కెన్యా రన్నర్ కిప్చోగే కూడా కష్టమైన చోట నవ్వుతూ పరుగెత్తుతాడు. మీ గుండె చప్పుడు మీకే వినిపిస్తూ, కుడి పక్క సముద్రం కనిపిస్తూ, ముందున్న వీపు ఒక్కో అడుగూ దగ్గరవుతూ ఉంటే అంతకంటే మజా ఏముంది? క్లాసులో కూర్చుంటే దొరుకుతుందా? లెక్కల మేడంకి చెప్పకండి ఈ మాట.

మన టీమ్‌లో మొదటి నలుగురి స్థానాలు కలుపుతారు, మొత్తం తక్కువ ఉన్న స్కూలు గెలుస్తుంది. అంటే నలభయ్యో స్థానంలో ఉన్నవాడు ఒక్కడిని దాటినా స్కూలుకి లాభమే. చివరి మూడొందల మీటర్లలో మిగిలిందంతా ఖర్చు పెట్టేయండి, ఇంటికి తీసుకెళ్ళి ఏం చేస్తారు!

కళ్ళు తిరిగినట్టున్నా, ఒళ్ళు చల్లగా వణికినా ఆగిపోండి, దగ్గర్లో ఉన్న వాలంటీర్‌కి చెప్పండి. ఆగినందుకు నేను ఒక్క మాట అనను. ఎవరైనా పడిపోతే దాటేసి పోకండి, ముందు కేకేయండి.

ఇప్పుడు రెండు గుక్కలు నీళ్ళు, అంతకంటే వద్దు. నంబర్లు పిన్నులతో సరిగ్గా పెట్టుకోండి. అమ్మాయిల రేసు ముందు. పదండమ్మా, గీత దగ్గరికి. ఒరేయ్ అబ్బాయిలూ, మీరు మెరక దగ్గర నిలబడి గొంతు చించుకుని అరవండి, తర్వాత వాళ్ళు మీకోసం అరుస్తారు.